ఎడమ గడి ఖాళీగానే ఉండనివ్వండి

ప్రశ్న: ప్రభుత్వ జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. సెకండియర్ పిల్లలకు నోట్స్ డిక్టేట్ చేయడం మానేసి, పేజీకి నిలువు గీత గీయించి రెండు గడుల నోట్స్ రాయిస్తున్నాను. మూడు వారాలైంది. ఎడమ గడిలో టెక్స్ట్‌బుక్ హెడ్డింగులే ఎక్కిస్తున్నారు. మాటలు కుదించి రాయమంటే, రాసింది వాళ్లకే అర్థం కావట్లేదు. సారాంశం మొదలుపెట్టేలోపు బెల్ కొట్టేస్తున్నారు. "మేడమ్, డిక్టేట్ చేసేయండి" అని రోజూ గోల. నేను చెప్పడంలో లోపమా, లేక ఈ పద్ధతే మన పిల్లలకు నప్పదా?
– ఒక జూనియర్ లెక్చరర్

జవాబు: పద్ధతి నప్పుతుందమ్మా. వినడం, కుదించడం, ప్రశ్న వేసుకోవడం, సారాంశం రాయడం అన్నీ ఒకేరోజు చేతిలో పెట్టారు. అక్కడే చిక్కొచ్చింది. నేనూ మొదట అలాగే చేశాను, అందుకే వెంటనే పట్టుకోగలిగాను.

ఈ పద్ధతిని 1950లలో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో వాల్టర్ పాక్ అనే ప్రొఫెసర్ తయారుచేశాడు. అందుకే దీన్ని కార్నెల్ నోట్స్ అంటారు. ఆయన చెప్పిన కొలతల ప్రకారం ఎడమన రెండున్నర అంగుళాలు, కుడిన ఆరు అంగుళాలు, పేజీ అడుగున రెండు అంగుళాలు వదలాలి. మన లాంగ్ నోట్‌బుక్ అంత వెడల్పు ఉండదు కాబట్టి ఎడమన 5 సెంటీమీటర్లు, అడుగున ఆరు గీతలు వదిలితే సరిపోతుంది. పుస్తకంలో అచ్చేసి ఉండే ఎర్ర మార్జిన్‌నే ఎడమ గడి అనుకుని కొందరు మోసపోతారు. అందులో నాలుగు అక్షరాలు పట్టవు. స్కేలు పెట్టి వేరే గీత గీయించండి.

కొలతలు ఎలా ఉన్నా, పాక్ చెప్పిన అసలు సంగతి ఒకటుంది. క్లాసు జరుగుతున్నంతసేపూ ఎడమ గడి ఖాళీగా ఉండాలి. విన్నది కుడివైపే రాయాలి. పాఠం అయ్యాక, కుడివైపు రాసుకున్నది చదువుకుని, "ఇది ఏ ప్రశ్నకు జవాబు?" అని ఆలోచించి ఆ ప్రశ్నను ఎడమన రాయాలి. మీ పిల్లలు వింటూనే ఎడమ గడి నింపేస్తున్నారు. పాఠం ఇంకా సాగుతుండగా ప్రశ్న తట్టదు కదా, చేతికి దొరికేది హెడ్డింగే. మీరు గీత గీయించిన రోజు "ఇటు పాయింట్లు, అటు వివరణ" అని చెప్పి ఉంటారు. నేనూ అలాగే చెప్పేవాణ్ని.

కాబట్టి మొదటి వారం ఎడమ గడి ఊసే ఎత్తకండి. డిక్టేషన్ కావాలని అడిగే పిల్లలు బద్ధకస్తులు కారు. వినేటప్పుడు ఏది రాయాలి, ఏది వదలాలి అని తేల్చుకునే పని ఇంతవరకూ ఎవరూ వాళ్లకు అప్పగించలేదు, అంతే. ఆ తేల్చుకోవడం ఎలా ఉంటుందో కళ్లకు కనబడాలి. ఒక పిల్లను లేపి టెక్స్ట్‌బుక్‌లో ఒక పేజీ మామూలు వేగంతో చదవమనండి, మీరు బోర్డు మీద నోట్స్ తీసుకోండి. ముందే తయారై రావద్దు. మీరు ఒక మాట రాసి కొట్టేయాలి, ఒక వాక్యం అందక ఖాళీ వదలాలి, ఒకచోట పక్కన ప్రశ్నగుర్తు పెట్టాలి. ఖాళీ వదిలి ముందుకు పోవచ్చని, దాన్ని తర్వాత పూడ్చుకోవచ్చని ఆ పది నిమిషాల్లో వాళ్లకు మొదటిసారి తెలుస్తుంది. మన పిల్లలకు నోట్‌బుక్ అంటే కొట్టివేత లేని ఫెయిర్ కాపీ. ఆ భయం పోతే చేయి కదులుతుంది.

డిక్టేషన్‌ను పూర్తిగా ఎత్తేయనక్కర్లేదు. నిర్వచనాలు మాటమాట పొల్లుపోకుండా ఉండాల్సినవే. పీరియడ్‌కు ఒకటో రెండో నిర్వచనాలు నెమ్మదిగా చెప్పి, వాటి చుట్టూ డబ్బా గీయించండి. డబ్బాలో ఉన్నది మీ మాట, బయట ఉన్నది వాళ్ల మాట. ఈ ఒప్పందం కుదిరాక మా క్లాసులో గోల చాలావరకు తగ్గింది.

ఇక కుదించి రాయడం. ఇక్కడ తెలుగులో ఉన్న ఇబ్బంది ఒకటుంది. ఇంగ్లిష్‌లో అలవాటైన పద్ధతిని తెచ్చి వాడితే అది బయటపడుతుంది. ఇంగ్లిష్ మాటను సగంలో తుంచినా సాధారణంగా అర్థం చెడదు, ఎందుకంటే కాదు, లేదు అని చెప్పే మాట విడిగా ముందే ఉంటుంది. తెలుగులో కాదనడం క్రియ చివర దాక్కుని ఉంటుంది. "పీల్చుకుంటుంది", "పీల్చుకోదు" రెండింటినీ "పీల్." అని తుంచితే వారం తర్వాత ఏది ఏదో చెప్పడం ఎవరి వల్లా కాదు. దానికి తోడు మన సైన్సు మాటల్లో చాలా "అ"తోనో "ఆ"తోనో మొదలవుతాయి.

మీ సబ్జెక్టులోనే విసర్జన పాఠం తీసుకుందాం. మూత్రపిండంలోని రక్తకేశనాళికా గుచ్ఛంలోకి రక్తం తెచ్చేది అభివాహి ధమనిక, తీసుకుపోయేది అపవాహి ధమనిక. హెన్లీ శిక్యంలో ఒకటి అవరోహి నాళిక, ఇంకొకటి ఆరోహి నాళిక. ఒకటి నీటికి పారగమ్యం, రెండోది అపారగమ్యం. నా దగ్గర చదివిన ఒక కుర్రాడి పుస్తకంలో ఇలా ఉంది: "అ.నా. నీటికి అ.పా." ఇందులో మొదటి "అ" అవరోహియా, ఆరోహియా? తర్వాతి "అ.పా." అంటే అపారగమ్యమా, అతను తొందరలో అడ్డదిడ్డంగా రాసిన "పారగమ్యమా"? అడిగితే తెల్లమొహం వేశాడు. వాడు క్లాసులో శ్రద్ధగానే విన్నాడు, రాసింది కూడా తప్పు కాకపోవచ్చు. అయినా ఆ వరుస పనికిరాకుండా పోయింది.

అప్పట్నుంచి నేను పెట్టుకున్న ఏర్పాటు ఇది. కాదు, లేదు, ఉండదు అనే అర్థం వచ్చిన ప్రతిచోటా మాటను తుంచకుండా × గుర్తు పెట్టాలి. అవును అనేదానికి ✓. పెరగడానికి ↑, తగ్గడానికి ↓, దారితీయడానికి →, కాబట్టి అనడానికి ∴. ఈ ఆరు గుర్తులు ఏ సబ్జెక్టులోనైనా మారకూడదు. బాణాల్లో కూడా ఒక గోతిలో పడ్డాం. పిల్లలు ఆరోహి నాళికకు ↑ అని, అవరోహి నాళికకు ↓ అని పెట్టుకున్నారు. చూడ్డానికి తెలివైన పనే. కానీ ఆరోహి నాళికలో గాఢత తగ్గుతుంది అని రాయాల్సి వచ్చేసరికి "↑ గాఢ. ↓" అయింది. గాఢత పెరిగి తగ్గిందో, ఏమైందో! అందుకని నోట్స్ వరకు వాటిని "దిగే కాలు", "ఎక్కే కాలు" అనుకోమన్నాను. ది.కా., ఎ.కా. అని రాసుకుంటే ఒకదానితో ఒకటి కలవవు. పరీక్షలో మాత్రం అవరోహి, ఆరోహి అనే రాయాలి. ఆ జతలు నోట్‌బుక్ మొదటి పేజీలో ఒకసారి పూర్తిగా రాసి ఉండాలి.

ఈ మొదటి పేజీ జాబితా చాలా చిన్నదిగా ఉంచండి. గుర్తులు ఆరు, ప్రతి పాఠానికి కొత్తగా నాలుగైదు మాటలు, అంతే. ఏ మాటలు కుదించాలో క్లాసు మొదట్లో మీరే అడగండి: "ఈ పాఠంలో పదిసార్లు వచ్చే మాటలేంటి?" నెఫ్రాన్, గాలనం, పునఃశోషణ అని వాళ్లే చెబుతారు. నెఫ్., గాల., పున. అని బోర్డు మూలన రాసి పీరియడ్ అంతా తుడపకుండా ఉంచండి. పాఠంలో ఒక్కసారే వచ్చే మాటను కుదించనివ్వకండి. దాన్ని పూర్తిగా రాస్తే పోయేది రెండు సెకన్లు, కుదిస్తే అది పొడుపుకథ అవుతుంది. ఇంగ్లిష్ మీడియం పిల్లలైతే టెక్స్ట్‌బుక్ ఇంగ్లిష్‌లో, మీరు చెప్పేది సగం తెలుగులో, వాళ్ల నోట్స్ రెండూ కలిసిన వంటకం. వంటకాన్నే ఉండనివ్వండి. ఏ భాషలో రాయాలా అని ఆగిపోయినవాడికి తర్వాతి వాక్యం అందదు.

పాఠం చెప్పేటప్పుడు మీరు కూడా కొంచెం మారాలి. మామూలుగా మాట్లాడే వేగాన్ని ఎంత కుదించి రాసే చేయైనా అందుకోలేదు. ఒక విషయం పూర్తయ్యాక, అంటే ఎనిమిది పది నిమిషాలకోసారి, అర నిమిషం నోరు మూసుకోండి. బోర్డు కూడా తుడపకండి. మొదట్లో ఆ నిశ్శబ్దం మనకే ఇబ్బందిగా ఉంటుంది, పిల్లలు మాత్రం ఆ అర నిమిషంలోనే ఖాళీలు పూడ్చుకుంటారు. పక్కవాడి పుస్తకంలోకి తొంగి చూడ్డాన్ని కూడా అప్పుడు అనుమతించండి.

ఇలా రాస్తే విసర్జన పాఠంలో కుడి గడి ఎలా ఉంటుందో చూడండి. ఒక అమ్మాయి పుస్తకంలోవి ఈ వరుసలు:

ఒక్కో మూత్రపిండంలో నెఫ్. సుమారు 10 లక్షలు
గాల. నిమిషానికి 125 మి.లీ. → రోజుకు 180 లీ.
మూత్రం రోజుకు 1.5 లీ. ∴ 99% పున.
ది.కా. – నీరు ✓, లవణాలు × → గాఢ. ↑
ఎ.కా. – నీరు ×, లవణాలు ✓ → గాఢ. ↓

పది నిమిషాల పాఠం ఐదు వరుసల్లోకి వచ్చింది. అయినా ఏదీ పోలేదు. నాలుగు, ఐదు వరుసల్లో అర్థాన్ని నిలబెట్టింది ✓, × గుర్తులే. అవే లేకపోతే ఈ రెండు వరుసలూ మళ్లీ "అ.నా. అ.పా." దగ్గరికే వస్తాయి.

రెండో వారంలో ఎడమ గడి తెరవండి. హెడ్డింగ్ వేరు, ప్రశ్న వేరు అని వివరిస్తే పిల్లలకు ఎక్కదు. పరీక్ష పెట్టి చూపించండి. కుడి గడి మీద అట్ట పెట్టి మూయించండి. ఎడమన "హెన్లీ శిక్యం" అని ఉందనుకోండి. దాన్ని చూసి పిల్ల ఏం చెప్పాలి? "హెన్లీ శిక్యం గురించి" చెప్పాలి, అంటే ఏమైనా చెప్పొచ్చు, ఏమీ చెప్పకపోయినా తనకు వచ్చనుకోవచ్చు. అదే చోట "ఎక్కే కాలులో గాఢత ఎందుకు తగ్గుతుంది?" అని ఉంటే జవాబు వచ్చిందో రాలేదో ఆ పిల్లకే తెలిసిపోతుంది. పై వరుసల్లో మూడోదానికి ఆ అమ్మాయి వేసుకున్న ప్రశ్న నాకు చాలా నచ్చింది: "180 లీటర్లు వడపోస్తే మనకు ఒకటిన్నర లీటరే ఎందుకు వస్తుంది, మిగతాది ఎటు పోయింది?" టెక్స్ట్‌బుక్ చివర ఇచ్చిన ప్రశ్నల్లో ఇలాంటిది కనబడదు. మొదట్లో మాత్రం పిల్లలందరూ "అంటే ఏమిటి?" ప్రశ్నలే వేస్తారు. కంగారు పడకండి. పేజీకి కనీసం ఒక ప్రశ్న "ఎందుకు" అనో, "తేడా ఏమిటి" అనో ఉండాలని చెప్పండి. పేజీకి మూడు నాలుగు ప్రశ్నలు చాలు. వరుసకో ప్రశ్న రాసే పిల్లలు ఉంటారు, వాళ్లను ఆపాలి.

ఈ ప్రశ్నలు క్లాసులోనే అన్నీ రాయించనక్కర్లేదు. ఒకటి క్లాసులో, మిగతావి ఆ రాత్రి. మరుసటి రోజుకు వాయిదా వేస్తే కష్టం. మనం కొత్తగా విన్నదాంట్లో ఎక్కువ భాగం మొదటి గంటల్లోనే జారిపోతుందని జర్మనీ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసుకుని చూపించాడు. ఆయన అర్థంలేని అక్షరాల ముక్కలు బట్టీపట్టాడు, మన పాఠం అంత ఘోరంగా జారదు. అయినా "ఎ.కా. – నీరు ×" అనే వరుసకు వెనకున్న వివరణ మాత్రం ఆ రాత్రి వరకే ఉంటుంది. రెండు రోజులయ్యాక పిల్ల చేతిలో మిగిలేది గుర్తులే.

సారాంశానికి టైమ్ దొరకట్లేదంటే దాన్ని పీరియడ్ చివర మిగిలిన టైములో ఇరికిస్తున్నారని అర్థం. చివర ఎప్పుడూ ఏమీ మిగలదు. 45 నిమిషాల పీరియడ్ అయితే 37వ నిమిషానికి చాక్‌పీస్ కింద పెట్టేయండి, పాఠం ఎక్కడున్నా సరే. వాక్యం సగంలో ఉంటే ఆ వాక్యం పూర్తిచేసి ఆగండి. సెల్‌ఫోన్‌లో అలారం పెట్టుకోవడం నాకు నామోషీ అనిపించలేదు. ఆ ఎనిమిది నిమిషాల్లో రెండు నిమిషాలు ఎడమన ఒక ప్రశ్నకు, నాలుగు నిమిషాలు సారాంశానికి, మిగతాది సరిచూసుకోడానికి. సిలబస్ వెనకబడుతుందేమోనని భయం ఉంటుంది. డిక్టేషన్ మానేసినప్పుడే దీనికంటే ఎక్కువ టైమ్ మీ చేతికొచ్చింది, లెక్క వేసుకోండి.

సారాంశం రాసేటప్పుడు పేజీ పై భాగం మూసి ఉండాలి. ఇది తప్పనిసరి. చూస్తూ రాయమంటే మొదటి వరుసా, చివరి వరుసా కలిపి దించేస్తారు. మూసి రాస్తే ఏది గుర్తుంది, ఏది లేదు అని బయటపడుతుంది. మూడు వాక్యాలు, పూర్తి తెలుగు వాక్యాలు, గుర్తులూ కుదింపులూ లేకుండా. తర్వాత తెరిచి చూసుకుని, తప్పిపోయినది వేరే రంగు పెన్నుతో చేర్చాలి. ఆ వేరే రంగే మీకు కావలసిన సమాచారం. సగం క్లాసు ఒకే చోట రంగు పెన్ను వాడిందంటే మీరు ఆ ముక్క తొందరగా దాటేశారన్నమాట, మర్నాడు అక్కడ్నుంచి మొదలుపెట్టండి.

మొదటి రోజు మీకు వచ్చే సారాంశం ఇలా ఉంటుంది: "ఈ రోజు మనము మూత్రపిండము, నెఫ్రాన్, హెన్లీ శిక్యము గురించి తెలుసుకున్నాము." ఇది విషయసూచిక. ఆ పిల్లను కోప్పడకుండా ఒకటే అడగండి: "తెలుసుకున్నదేంటో చెప్పు." నోటితో చెప్పింది రాయమనండి. నాలుగైదు రోజులకు ఇలాంటిది వస్తుంది: "మూత్రపిండం ముందు రక్తం నుంచి చాలా వడపోసి, తర్వాత కావలసినవి వెనక్కి తీసుకుంటుంది. అందుకే రోజుకు 180 లీటర్లు వడపోసినా ఒకటిన్నర లీటరే మూత్రంగా పోతుంది. హెన్లీ శిక్యంలో దిగే కాలు నీటిని మాత్రమే, ఎక్కే కాలు లవణాలను మాత్రమే బయటికి పోనిస్తాయి కాబట్టి ఒకదానిలో గాఢత పెరిగి, రెండోదానిలో తగ్గుతుంది." మూడు వాక్యాల మధ్య "అందుకే", "కాబట్టి" ఉన్నాయో లేదో చూడండి. అవి లేని సారాంశం మూడు విడి ముక్కలే. దిద్దేటప్పుడు నేను మొదట వెతికేది ఆ రెండు మాటల కోసమే.

దిద్దడం అన్నాను గానీ, నోట్‌బుక్కులకు మార్కులు వేయకండి. ఇది నా చేతులు కాలాక చెబుతున్న మాట. ఒక కాలేజీలో ఉన్నప్పుడు నెలకోసారి పుస్తకాలు తెప్పించుకుని పదికి మార్కులు వేసేవాణ్ని. రెండో నెలకల్లా అందరి పుస్తకాలూ ముత్యాల్లా మెరవడం మొదలైంది. రంగురంగుల స్కెచ్‌పెన్నులు, అట్టలు, ప్రతి పేజీలో ఒకే రకం ప్రశ్నలు. క్లాసులో రఫ్ కాగితం మీద రాసుకుని, నెలాఖరులో ఒకే రాత్రి కూర్చుని, బాగా రాసే అమ్మాయి పుస్తకం నుంచి దించుతున్నారు. ఇంత అందంగా ఉన్నాయేంటా అని మురిసిపోయి స్టాఫ్‌రూమ్‌లో చూపించాను కూడా! ఒక కుర్రాడు పొరపాటున పక్క సెక్షన్ తేదీ కూడా దించేస్తే అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత్నుంచి రోజూ పీరియడ్ మొదట్లో ఇద్దరి పుస్తకాలు తీసుకునేవాణ్ని. కుడివైపు మూసి, వాళ్ల ఎడమ గడిలో వాళ్లే రాసుకున్న ప్రశ్న వాళ్లనే అడగడం, అంతే. జవాబు రాకపోతే తెరిచి చదవనివ్వాలి. తెరిచినా చదవలేకపోతున్నారంటే కుదింపులో తేడా ఉంది. చదవగలిగి కూడా చెప్పలేకపోతే పాఠం అర్థం కాలేదు. ప్రశ్నే లేకపోతే రాత్రి పుస్తకం తెరవలేదు. మూడూ వేరువేరు జబ్బులు, వేరువేరుగా చూడాలి. అందరికీ కలిపి "శ్రద్ధ లేదు" అనేయడం మనకు అలవాటు.

ఇది అన్నిచోట్లా పనిచేయదు. బొమ్మ మీద ఆధారపడే పాఠంలో, నెఫ్రాన్ నిర్మాణం లాంటి దాంట్లో, కుడి గడి చాలదు. బొమ్మకు ఎదురు పేజీ మొత్తం వదిలించి, ఎడమ గడిలో ప్రశ్నకు బదులు భాగాల అంకెలు వేయించండి. పేర్లు మూసి అంకెలతో అడుక్కోవచ్చు. మీ ఫిజిక్స్ సార్ దీన్ని లెక్కలకు కూడా వాడతానంటే వద్దని చెప్పండి. లెక్కలో మెట్లు వరుసగా పూర్తిగా ఉండాలి, కుదిస్తే చెడిపోతుంది. అసలు చేయి నెమ్మదిగా నడిచే పిల్లలు ఇద్దరు ముగ్గురు ప్రతి క్లాసులో ఉంటారు. వాళ్ల కుడి గడి ఎప్పుడూ సగమే ఉంటుంది. వాళ్లను పక్కవాళ్ల పుస్తకం నుంచి పూడ్చుకోనివ్వండి, కానీ ఎడమ ప్రశ్నలూ, సారాంశమూ మాత్రం సొంతవే రాయమనండి.

మూడు వారాలు పోయాయని బాధపడకండి. సోమవారం కొత్త పాఠం మొదలుపెడుతున్నట్టయితే పాత పేజీల జోలికి పోకుండా అక్కడ్నుంచే మళ్లీ మొదలుపెట్టండి. మొదటి వారం కుడి గడి, బోర్డు మూలన నాలుగు కుదింపులు, 37వ నిమిషం అలారం. ఎడమ గడిలో ఎవరైనా అలవాటుగా హెడ్డింగ్ రాస్తుంటే పెన్ను కింద పెట్టించండి.